వాతావరణ లక్ష్యాలు – ఆస్తుల లెక్కలు: సుస్థిరత నివేదికకు, ఆర్థిక నివేదికలకు మధ్య పొందిక

ప్రవేశిక:

భారతదేశంలో మార్కెట్ విలువ ప్రకారం మొదటి వెయ్యి లిస్టెడ్ సంస్థలు 2022-23 ఆర్థిక సంవత్సరం నుండి వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికను తప్పనిసరిగా వెలువరిస్తున్నాయి. సెబీ 2021 మే నెలలో నిర్దేశించిన ఈ నివేదిక బీఆర్ఎస్ఆర్ అనే పేరుతో ప్రసిద్ధం. ఇది వార్షిక నివేదికలో భాగంగానే వస్తుంది. అదే సంపుటిలో మరికొన్ని పుటల తరువాత ఆస్తి అప్పుల పట్టిక, లాభనష్టాల ఖాతా ఉంటాయి. మొదటిది ఉద్గారాలను టన్నులలో చెబుతుంది, రెండవది ఆస్తులను రూపాయలలో చెబుతుంది. కొలమానాలు వేరైనా రెండూ వర్ణించేది ఒకే వ్యాపారాన్ని. కాబట్టి ఒకదానిలో ప్రకటించిన నిర్ణయం రెండవదానిలోని అంచనాలను ఎక్కడ మార్చాలి, ఎక్కడ మార్చనక్కరలేదు అన్నది పరిశీలించవలసిన విషయం.

1. ఉపయోగకాలం: ఒక ఊహాత్మక ఉదాహరణ

ఒక సిమెంటు సంస్థకు సొంత అవసరాల కోసం నిర్మించుకున్న బొగ్గు విద్యుత్ కేంద్రం ఉన్నదనుకుందాం. దాని ఖరీదు 400 కోట్ల రూపాయలు. కంపెనీల చట్టం 2013లోని రెండవ షెడ్యూలు థర్మల్ కేంద్రాలకు సూచించిన 40 ఏళ్ల ఉపయోగకాలాన్నే సంస్థ తీసుకున్నది. లెక్క సులువుగా ఉండేందుకు అవశేష విలువ లేదనుకుంటే, ఏటా తరుగుదల 10 కోట్లు. పదిహేనేళ్లు గడిచాక పుస్తక విలువ 250 కోట్లు, మిగిలిన ఉపయోగకాలం 25 ఏళ్లు.

ఆ సంవత్సరం సంస్థ పాలకమండలి ఈ కేంద్రాన్ని పదేళ్లలో మూసివేసి సౌర విద్యుత్తుకు మారాలని నిర్ణయించింది. ఆ నిర్ణయం బీఆర్ఎస్ఆర్‌లో సగర్వంగా ప్రకటితమైంది. ఇండ్ ఏఎస్ 16 ప్రకారం ఉపయోగకాలాన్ని కనీసం ప్రతి ఆర్థిక సంవత్సరాంతంలో పునఃపరిశీలించాలి. యంత్రం ఎన్నాళ్లు పనిచేయగలదన్నది ఇక్కడ ప్రశ్న కాదు, సంస్థ దానిని ఎన్నాళ్లు వాడదలచుకున్నదన్నదే ప్రశ్న. అందువల్ల 250 కోట్లను ఇకపై పదేళ్లకే పంచాలి. తరుగుదల ఏటా 10 కోట్ల నుండి 25 కోట్లకు పెరుగుతుంది. ఇది అంచనాలో వచ్చిన మార్పు కనుక ఇండ్ ఏఎస్ 8 ప్రకారం గత సంవత్సరాల లెక్కలను తిరగరాయనక్కరలేదు.

2. పునరుద్ధరణ బాధ్యత

కేంద్రాన్ని మూసివేశాక బూడిద చెరువును పూడ్చి, భూమిని బాగుచేయవలసిన బాధ్యత సంస్థపై ఉన్నదనుకుందాం. అందుకయ్యే ఖర్చు మూసివేత నాటికి 40 కోట్లు. ఎనిమిది శాతం రేటుతో 25 ఏళ్ల తరువాతి 40 కోట్ల ప్రస్తుత విలువ సుమారు 5.8 కోట్లు మాత్రమే. గడువు పదేళ్లకు దగ్గరపడగానే అదే మొత్తం ప్రస్తుత విలువ సుమారు 18.5 కోట్లు అవుతుంది. ఖర్చు ఒక్క రూపాయి పెరగకుండానే అప్పుల వైపు సుమారు 12.7 కోట్లు అదనంగా చేరాయి. ఈ పెరుగుదలను ఆస్తి విలువకు కలుపుతారు. దానితో పుస్తక విలువ సుమారు 262.7 కోట్లు, వార్షిక తరుగుదల సుమారు 26.3 కోట్లు అవుతాయి. అంటే సుస్థిరత నివేదికలోని ఒక్క తేదీ తరుగుదలను రెండున్నర రెట్లకు పైగా పెంచింది.

3. విలువ క్షీణత: కనిపించేది, మరుగునపడేది

ఆస్తిని ముందుగా మూసివేసే యోచన ఇండ్ ఏఎస్ 36 దృష్టిలో విలువ క్షీణతకు ఒక సూచన. అయినా పై ఉదాహరణలో నష్టం నమోదు కాకపోవచ్చు. సొంత విద్యుత్ కేంద్రం విడిగా ఆదాయం తేదు. దానిని సిమెంటు కర్మాగారంతో కలిపి ఒకే నగదు ఉత్పాదక విభాగంగా పరీక్షిస్తారు. కర్మాగారం మంచి లాభాలలో ఉంటే విద్యుత్ కేంద్రపు క్షీణత ఆ లాభాల చాటున మరుగునపడుతుంది. విలువ క్షీణత నమోదు కానంత మాత్రాన సంస్థ వాతావరణ ప్రభావాన్ని విస్మరించిందని పరిశోధకులు నిర్ధారించరాదు. ఉపయోగకాలం మారిందా లేదా అన్నదే ఇక్కడ సరైన పరీక్ష.

ఆస్తులు విడివిడిగా ఆదాయం తెచ్చే చోట పరిస్థితి వేరు. బ్రిటన్‌కు చెందిన బీపీ సంస్థ 2020 ఫిబ్రవరిలో, 2050 నాటికి నికర శూన్య ఉద్గారాలకు చేరాలన్న ఆశయాన్ని ప్రకటించింది. అదే ఏడాది జూన్‌లో తన దీర్ఘకాలిక ధరల అంచనాలను సవరించింది. 2021 నుండి 2050 వరకు బ్రెంట్ ముడిచమురు సగటు ధరను పీపాకు సుమారు 55 డాలర్లుగాను, 2030లో కర్బన ధరను టన్నుకు 100 డాలర్లుగాను తీసుకున్నది. ఫలితంగా ఆ త్రైమాసికంలో పన్ను పోగా 1,300 నుండి 1,750 కోట్ల డాలర్ల మేరకు విలువ తగ్గింపు ఉండవచ్చునని తెలిపింది. కోవిడ్ ప్రభావం కూడా ఈ సవరణకు ఒక కారణమని సంస్థే పేర్కొన్నది. వాతావరణ లక్ష్యం దానంతటదే లెక్కలలోకి రాదని, ధరల అంచనా అనే ద్వారం గుండా వస్తుందని ఈ ఉదంతం చూపుతుంది.

4. వాగ్దానం అప్పు అవుతుందా?

ప్రతి ప్రకటనా ఆర్థిక నివేదికలకు ఎక్కదు. ఒక సంస్థ కొన్నేళ్లలో ఉద్గారాలను 60 శాతం తగ్గిస్తామని, మిగిలినవాటికి కర్బన క్రెడిట్లు కొంటామని బహిరంగంగా ప్రకటిస్తే వెంటనే కేటాయింపు చేయాలా అన్న ప్రశ్నను ఐఎఫ్ఆర్ఎస్ వ్యాఖ్యాన సంఘం 2024లో పరిశీలించింది. ప్రకటన వల్ల సంస్థకు నైతికమైన కట్టుబాటు ఏర్పడినా, బాధ్యత గత సంఘటన నుండి పుట్టాలన్నది ఐఏఎస్ 37 నియమం. భవిష్యత్తులో వెలువడబోయే ఉద్గారాలు ఇంకా గత సంఘటన కాలేదు. కొత్త యంత్రాలకు పెట్టే ఖర్చుకు బదులుగా సంస్థకు ఆస్తి సమకూరుతుంది. కాబట్టి ప్రకటన నాడు కేటాయింపు అవసరం లేదు. క్రెడిట్లు కొంటామన్న సంవత్సరంలో ఉద్గారాలు వెలువడుతున్న కొద్దీ బాధ్యత ఏర్పడుతుంది. లక్ష్యం అప్పుల వైపు కనిపించకపోయినా, పై ఉదాహరణలో వలె ఆస్తుల వైపు కనిపించవచ్చు.

5. పొందికను గుర్తించే మార్గం

2023 జూన్‌లో వెలువడిన ఐఎఫ్ఆర్ఎస్ ఎస్1, ఎస్2 ప్రమాణాలు సుస్థిరత సమాచారానికి, ఆర్థిక నివేదికలకు గల సంబంధాన్ని వివరించాలని, వీలైనంతవరకు రెండింటిలో ఒకే అంచనాలను వాడాలని కోరుతాయి. బీఆర్ఎస్ఆర్‌లో ముఖ్యమైన అంశాల పట్టిక కూడా ఆర్థిక ప్రభావాన్ని అడుగుతుంది. కాని ఆ గడిలో ప్రభావం అనుకూలమో ప్రతికూలమో చెబితే సరిపోతుంది, రూపాయలలో మొత్తం చూపనక్కరలేదు. మరోవైపు ఇండ్ ఏఎస్ 1 కోరే అనిశ్చితుల వివరణ, రాబోయే ఒక్క సంవత్సరంలో ఆస్తి అప్పుల విలువలను గణనీయంగా మార్చగల అంచనాలకే పరిమితం. పదేళ్ల నాటి వాతావరణ సంకటం ఈ రెండు నిబంధనల నడుమ జారిపోయే వీలున్నది.

అందువల్ల వార్షిక నివేదికను చదివే పరిశోధకులు మూడు జతలను పోల్చాలి. మొదటిది, సుస్థిరత నివేదికలోని మూసివేత తేదీ, ఆస్తుల గమనికలోని మిగిలిన ఉపయోగకాలం. రెండవది, ఆ తేదీ, పునరుద్ధరణ కేటాయింపుకు వాడిన గడువు. మూడవది, ప్రకటిత లక్ష్యం, విలువ క్షీణత పరీక్షలో తీసుకున్న ధరలు. గమనికలు చాలాసార్లు ఆస్తుల తరగతికి ఒక శ్రేణిని మాత్రమే ఇస్తాయి కనుక మొదటి పోలిక ప్రతిచోటా సాధ్యం కాదు. అటువంటి చోట స్థూల ఆస్తిని వార్షిక తరుగుదలతో భాగించి సగటు ఉపయోగకాలాన్ని అంచనా వేయవచ్చు. వార్షిక నివేదికలోని ఇతర సమాచారం చదివి ఆర్థిక నివేదికలతో వైరుధ్యం ఉన్నదేమో చూడవలసిన బాధ్యత ఎస్ఏ 720 ప్రకారం ఆడిటరుపైనా ఉన్నది.

ముగింపు:

కేంద్రాన్ని పదేళ్లలో మూసివేస్తామని ఒక పుటలో చెప్పి, మరొక పుటలో దానిని 25 ఏళ్లకు తరుగుదల చేసే సంస్థ విషయంలో రెండింటిలో ఒకటి నిజం కాదు. మూసివేత మాట నిజమైతే ఏటా 16 కోట్లకు పైగా లాభం ఎక్కువగా చూపినట్లు. లెక్క నిజమైతే సుస్థిరత నివేదికలోని తేదీకి వెనుక నిర్ణయమేదీ లేనట్లు. ఉద్గారాల టన్నులను ఎంత నిశితంగా తనిఖీ చేసినా ఈ వైరుధ్యం బయటపడదు. రెండు నివేదికలను పక్కపక్కన ఉంచి చదివినప్పుడే అది కనిపిస్తుంది.