సిఫారసు లేఖలో ల్యాబ్ రీడింగు

‘ఈమె చాలా తెలివైన విద్యార్థిని. కష్టపడే తత్వం, క్రమశిక్షణ, నాయకత్వ లక్షణాలు మెండుగా ఉన్నాయి. అందరితో చక్కగా కలిసి పనిచేస్తుంది. మీ విశ్వవిద్యాలయానికి తప్పక మంచి పేరు తెస్తుంది.’

అమెరికాలో ఎమ్మెస్‌కు దరఖాస్తు చేసే మన ఇంజనీరింగ్ పిల్లలు మామూలుగా రెండు మూడు సిఫారసు లేఖలు పంపించాలి. వాళ్ల మాటల్లో ఎల్వోఆర్‌లు. భాష ఇంగ్లిషే అయినా చాలా లేఖల సారం పై నాలుగు వాక్యాలే. ఇందులో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ చదివినవారికి ఆ అమ్మాయి గురించి కొత్తగా తెలిసిందేమీ లేదు. మార్కులు ట్రాన్స్‌క్రిప్టులో ఉన్నాయి. ఆశయాలేమిటో ఎస్‌వోపీలో ఆమే రాసుకుంది. లేఖ నుంచి వాళ్లకు కావాల్సింది, ఆమెను క్లాసులో దగ్గరి నుంచి చూసిన మనిషి మాత్రమే చెప్పగలిగిన సంగతి.

ఇలాంటి లేఖలు ఎలా పుడతాయో కాలేజీల్లో అందరికీ తెలిసిందే. సెక్షన్‌కు అరవై మంది పిల్లలు, దరఖాస్తుల సీజన్‌లో సార్ గది ముందు వరస. ‘నువ్వే డ్రాఫ్ట్ రాసుకురామ్మా, చూసి పంపిస్తా’ అంటారు. ఆ అమ్మాయి సీనియర్ దగ్గర ఫైలు తెచ్చుకుని పేరు మారుస్తుంది. ఒకే కాలేజీ నుంచి నలుగురు ఒకే డిపార్ట్‌మెంటుకు దరఖాస్తు చేస్తే నాలుగు లేఖల్లోనూ అవే వాక్యాలు ఎదురవుతాయి. ఇందులో ఇంకో చిక్కుంది. అమెరికాలో 1974 నాటి చట్టం ఒకటి, అక్కడ చేరిన విద్యార్థికి తన ఫైలు చూసుకునే హక్కు ఇస్తుంది. లేఖల వరకు ఆ హక్కును వదులుకుంటారా అని దరఖాస్తులోనే అడుగుతారు. చాలామంది వదులుకున్నట్టు టిక్ పెడతారు. అంటే ఆ లేఖ విద్యార్థి చూడనిది, మాస్టారు స్వేచ్ఛగా రాసింది అని అవతలివాళ్లు నమ్ముతున్నారన్నమాట. అందుకే లింకు కూడా నేరుగా మాస్టారి మెయిల్‌కే వెళుతుంది.

ఇప్పుడు పై లేఖనే తిరగరాద్దాం. ఇందుకోసం ఈసీఈ చదివిన ఒక విద్యార్థినిని ఊహించుకుందాం. మొదట ‘చాలా తెలివైన’ అన్న మాట కొట్టేసి, దాని చోట ఇది రాస్తాం:

‘మూడో ఏడాది ఐసీ అప్లికేషన్స్ ల్యాబ్‌లో, 741 ఆప్ ఆంప్‌తో సిగ్నల్‌ను 100 రెట్లు పెంచే సర్క్యూట్ కట్టించాను. 50 కిలోహెర్ట్జ్ దగ్గర ఈమెకు 20 రెట్లే వచ్చింది. చాలా బ్యాచ్‌ల రికార్డుల్లో అక్కడ కూడా వందకు దగ్గరి అంకెలే ఉన్నాయి. ఈమె మాత్రం వచ్చిన అంకెనే రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. తర్వాతి వారం, నేను అడగకుండానే, 100 కిలోహెర్ట్జ్ దగ్గరా కొలిచి తెచ్చింది. అక్కడ 10 రెట్లు. ఫ్రీక్వెన్సీని గెయిన్‌తో గుణిస్తే రెండు చోట్లా సుమారు 10 లక్షలే వస్తోందని, కాబట్టి తప్పు సర్క్యూట్‌ది కాదని, ఆ చిప్ పరిమితే అంతని డేటాషీట్ తెరిచి చూపించింది.’

ఇందులో ఒక్క పొగడ్త లేదు. కానీ చదివిన ప్రొఫెసర్‌కు మూడు విషయాలు తెలిశాయి. సీనియర్ల రికార్డు చూసి అంకెలు దించే చోట ఈమె నిజం రీడింగు రాసింది. తేడా వచ్చినప్పుడు దాన్ని వదిలిపెట్టలేదు. కారణాన్ని తనంతట తాను తేల్చుకుంది. తెలివి, నిజాయితీ, పరిశోధనకు పనికొచ్చే బుద్ధి అన్న మూడు మాటలూ మాస్టారు వాడకుండానే చదివేవారికి తట్టాయి. మిగతా బ్యాచ్‌లు ఏం చేశాయో చెప్పిన ఆ ఒక్క వాక్యాన్నీ తీసేసి చూడండి. ఆమె చేసిన పని మామూలు హోంవర్కులా కనిపిస్తుంది. పక్కన పోలిక ఉంటేనే సంఘటనకు బరువు.

సాంకేతిక వివరం ఎంత రాయాలన్నది ఇక్కడొచ్చే ప్రశ్న. ఆమె ఏం కనిపెట్టిందో అర్థం కావడానికి ఎంత కావాలో అంతే. రెసిస్టర్ల విలువలు, సప్లై వోల్టేజీలు చేర్చితే అది లేఖ కాదు, మళ్లీ రికార్డే అవుతుంది.

‘అందరితో కలిసి పనిచేస్తుంది’ అన్నదాని చోట:

‘మినీ ప్రాజెక్టులో ఈమె బ్యాచ్‌లో ఒకరు డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరిన విద్యార్థి. సోల్డరింగ్‌లో మంచి చేయి, వైవా అంటే నోరు పెగలదు. రివ్యూకు ముందు సాయంత్రం నేను ల్యాబ్ మూయడానికి వెళ్లేసరికి, ఈమె అతని చేత బోర్డు మీద సర్క్యూట్ గీయిస్తూ ఎగ్జామినర్‌లా ప్రశ్నలు వేస్తోంది. మర్నాడు పవర్ సప్లై భాగాన్ని అతనే వివరించాడు.’

ఇక్కడ గమనించాల్సింది ‘నేను వెళ్లేసరికి’ అన్న మాట. మాస్టారు కళ్లారా చూశారు. విద్యార్థి ఇచ్చిన డ్రాఫ్టుల్లో ఎక్కువగా కనబడే లోపం ఇదే. హాస్టల్ గదిలో, క్లబ్బులో జరిగినవి కూడా మాస్టారి నోట పలికిస్తారు. ఆయనకు అది ఎలా తెలిసిందన్న అనుమానం వస్తే మిగతా లేఖ మీద కూడా నమ్మకం పోతుంది.

ఇక ‘కష్టపడే తత్వం’. ఇది మంచి మాటే అనిపిస్తుంది గానీ, ఆడపిల్లల లేఖల్లో దీంతో జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలో ఒక వైద్య కళాశాల అధ్యాపక నియామకాలకు వచ్చిన 300కు పైగా లేఖలను ఫ్రాన్సిస్ ట్రిక్స్, కరోలిన్ సెంకా పరిశీలించి 2003లో ప్రచురించారు. ఆడవాళ్ల లేఖల్లో కష్టించే గుణం గురించిన మాటలు ఎక్కువగా కనిపించాయి. ప్రతిభ లేకపోయినా పాపం కష్టపడుతుంది అన్న అర్థం దాని వెనక పొంచి ఉంటుంది. పై ల్యాబ్ సంగతిలో ఆ కష్టం ఎలాగూ ఉంది. విడిగా చెప్పక్కర్లేదు.

లోపం ఒకటి రాయడమూ మంచిదే, అది దిద్దుకున్న తీరుతో సహా. ‘మొదటి సెమినార్‌కు ఇరవై స్లయిడ్లు తెచ్చి సగం కూడా ముగించలేకపోయింది. ఆఖరి సెమినార్‌లో ఎనిమిదే తెచ్చి, ఒక్క గ్రాఫ్ మీద ఎక్కువసేపు నిలిచి ప్రశ్నలకు జవాబిచ్చింది.’ అంతా మంచే రాసిన లేఖ కంటే దీన్నే ఎక్కువ నమ్ముతారు.

లేఖ ముగిశాక ప్రతి వాక్యాన్నీ ఒకసారి పరీక్షించాలి. అందులో అదే సెక్షన్‌లోని మరొకరి పేరు పెట్టి చదవాలి. వాక్యం చెక్కుచెదరకుండా నిలబడిందంటే దాన్ని తీసేయొచ్చు. మన పాత లేఖలో ఒక్క వాక్యమూ ఈ పరీక్ష దాటదు. కొత్త లేఖలో పేరు మారిస్తే ప్రతి వాక్యమూ అబద్ధమవుతుంది.

ఇన్ని సంగతులు మాస్టారికి గుర్తుండవద్దూ? అందుకే విద్యార్థి డ్రాఫ్టుకు బదులు ఒక పేజీ నోటు ఇవ్వాలి. ఏ సబ్జెక్టు, ఏ సెమిస్టరు, ఏ ప్రయోగంలో ఏం జరిగింది, రికార్డులో ఆ పేజీ జిరాక్సు. పొగడ్త ఒక్కటీ వద్దు. అది చూడగానే మాస్టారికి ఆ పూట గుర్తొస్తుంది. లేఖ ఆయనే, ఆయన మాటల్లో రాస్తారు. నోటు చూసినా ఏమీ గుర్తు రాకపోతే, ‘నాకంటే నిన్ను ఎరిగిన వాళ్లను అడుగమ్మా’ అని చెప్పడమే మేలు. పిల్లలు కూడా హెచ్‌వోడీ సంతకం, ప్రిన్సిపాల్ హోదా చూసి పరుగెత్తుతుంటారు. ఒక్క సెమిస్టరైనా మీ రీడింగులు చూసి ‘ఇదెందుకిలా వచ్చింది?’ అని అడిగిన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉంటే, ముందు ఆ గది తలుపు తట్టండి.