ఆగి ఉన్న ఆటో వెనక ఏముంది?

ఒకటో తరగతి గదిలో నేల మీద సుద్దముక్కతో రోడ్డు గీసి, జీబ్రా చారలు వేసి, ఎనిమిది పలకల ఎర్ర అట్ట మీద ‘ఆగు’ అని రాసి నిలబెడితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. చిక్కల్లా, ఆ పటాన్ని వాళ్లు పైనుంచి చూస్తారు. వీధిలో మాత్రం ఆగి ఉన్న ఆటో కూడా వాళ్ల కళ్లకు గోడంత అడ్డం. అందుకే పటం మీద పెద్ద అట్టపెట్టె పెట్టి, దాని చాటు నుంచి టీచరు బొమ్మ బైకును తోస్తుండాలి. పిల్లలు పెట్టె అంచు దగ్గర ఆగి తొంగి చూడాలి. మన బండ్లు ఎడమవైపు నడుస్తాయి కనుక మొదట కుడికి, తర్వాత ఎడమకు, మళ్లీ కుడికి.

ఆ తర్వాతే రద్దీ లేని వీధి. పెద్దవాళ్లు మణికట్టు పట్టుకుని, బండ్లు వచ్చే వైపు తామే నడవాలి. “దాటొచ్చా?” అంటే “ఊఁ” అనడం చాలదు. “కుడివైపు బైకు వస్తోంది టీచర్, ఆగుదాం” అని చూసింది చెప్పాలి. చెప్పలేకపోతే తల తిప్పిందే తప్ప చూడలేదన్నమాట. ఇంత నేర్చినా, వచ్చే బండి వేగాన్నీ దూరాన్నీ కలిపి అంచనా కట్టడం చిన్న పిల్లలకు సరిగా రాదు. తొమ్మిది పదేళ్లు వచ్చేదాకా పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే.