పది మిల్లీసెకన్ల నిర్ణయం

హైవే మీద నుజ్జునుజ్జయిన కారు ఫొటో వాట్సాప్‌లో తిరిగినప్పుడల్లా దాని కింద ఒక ప్రశ్న ఖాయంగా ఉంటుంది: ఇంత దెబ్బ తగిలినా ఎయిర్‌బ్యాగ్ ఎందుకు తెరుచుకోలేదు? దీనికి తిరగేసిన ఫిర్యాదు కూడా వింటుంటాం. బంపర్ పగిలిందంతే, బ్యాగులు మాత్రం తెరుచుకుని బిల్లు తడిసి మోపెడైందని. రెండింటిలోనూ ఒకే అపోహ ఉంది. బయట రేకు ఎంత నలిగిందో కారులోని కంప్యూటర్‌కు తెలియదు. కారు వేగం ఎంత త్వరగా పడిపోతోందన్నదే అది గమనించేది.

ఆ కంప్యూటర్ ఒక చిన్న లోహపు పెట్టె. సాధారణంగా గేర్ లివర్‌కు దగ్గర్లో, రెండు ముందు సీట్ల మధ్య, కారు నేలకు గట్టిగా బిగించి ఉంటుంది. దాని లోపలి చిప్ మీద కంటికి ఆనని సిలికాన్ ముక్క ఒకటి అంతే సన్నని స్ప్రింగుల ఆధారంతో నిలిచి ఉంటుంది. కారు హఠాత్తుగా నెమ్మదిస్తే ఆ ముక్క రవ్వంత ముందుకు జరుగుతుంది. ఎంత జరిగిందో చిప్ విద్యుత్ సంకేతంగా మార్చి చెబుతుంది. 1960ల చివర్లో అమెరికన్ ఇంజినీర్ అలెన్ బ్రీడ్ రూపొందించిన సెన్సార్‌లో ఇదే పని ఒక ఉక్కు గోళీ చేసేది. గొట్టంలో అయస్కాంతానికి అంటుకుని ఉండే గోళీ, గట్టి తాకిడికి దాన్ని విడిపించుకుని ముందుకు దొర్లి రెండు తీగలను కలిపేది. గోళీకి అవును, కాదు అనడమే తెలుసు. చిప్ మాత్రం వేగం ఎలా తగ్గుతోందో క్షణక్షణం లెక్క చెబుతుంది. ఆ లెక్క ఎందుకు కావాలో ఒక ఉదాహరణ తీసుకుంటే తేలుతుంది.

గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ఆ వేగంతో కారు నేరుగా ఒక కాంక్రీటు గోడను గుద్దిందనుకుందాం. ముందు భాగం 60 సెంటీమీటర్లు నలిగాక కారు ఆగింది. వేగం ఒకే తీరున తగ్గిందనుకుంటే ఆగడానికి పట్టేది 86 మిల్లీసెకన్లు. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. మనం ఒకసారి రెప్ప వాల్చి తెరవడానికే వందకు పైగా మిల్లీసెకన్లు పడతాయి.

కారు ఆగుతుంది గానీ లోపలి మనిషి ఆగడు. బెల్టు పెట్టుకోని డ్రైవర్ పాత వేగంతోనే ముందుకు పోతుంటాడు. ఈ లెక్కలో 40వ మిల్లీసెకనుకు అతని ఛాతీ స్టీరింగ్ వైపు పన్నెండు పదమూడు సెంటీమీటర్లు జరుగుతుంది. 60వ మిల్లీసెకనుకు 30 సెంటీమీటర్లు, అంటే స్టీరింగ్‌కు తగిలినట్టే. మనిషి 12.5 సెంటీమీటర్లు కదిలేలోగా బ్యాగ్ నిండి సిద్ధంగా ఉండాలన్నది ఇంజినీర్లు చాలాకాలంగా వాడుతున్న సూత్రం. నిండటానికి 30 మిల్లీసెకన్లు కావాలి. నలభైలోంచి ముప్పై తీసేస్తే మిగిలేది పది. ఆ పది మిల్లీసెకన్లలో కారు కోల్పోయింది గంటకు ఆరు కిలోమీటర్ల వేగమే. ఇంకా 44తో పోతూనే ఉంది. జరగబోయేది ఘోరమా, స్వల్పమా అన్నది కంప్యూటర్ ఆ ఆరు కిలోమీటర్లను బట్టే తేల్చుకోవాలి. నిజమైన ప్రమాదంలో వేగం మొదట్లో కాస్త నెమ్మదిగా పడుతుంది కనుక గడువు పదిహేను, ఇరవై దాకా దొరకవచ్చు. అంతకు మించి ఉండదు.

గుంతలో చక్రం దిగబడినా, లెక్కచేయకుండా స్పీడ్ బ్రేకర్ ఎక్కించినా సెన్సార్‌కు పెద్ద కుదుపే అందుతుంది. కానీ అది వచ్చినంత వేగంగా పోతుంది. కారు వేగం మొత్తం మీద పెద్దగా తగ్గదు. గోడను గుద్దినప్పుడు కుదుపు నిలబడుతుంది, వేగం పడిపోతూనే ఉంటుంది. అందుకే కంప్యూటర్ కుదుపు తీవ్రతను ఒక్కదాన్నే చూడదు. కుదుపులన్నీ కూడుకుంటూ పోయి మొత్తం వేగం ఎంత తగ్గిందో, ఏ తీరున తగ్గిందో చూస్తుంది. ఒక్క సెన్సార్ మాట నమ్మి పేల్చేయదు కూడా. చాలా కార్లలో రేడియేటర్ దగ్గర మరో సెన్సార్ ఉంటుంది. ముందున్నదీ మధ్యనున్నదీ ఒకే కథ చెబితేనే బ్యాగుకు కరెంటు వెళుతుంది.

ఇక వాట్సాప్ ప్రశ్న సంగతి. మన హైవేల మీద రాత్రిపూట లైట్లు లేకుండా ఆగి ఉన్న లారీలను కార్లు వెనక నుంచి గుద్దడం తరచూ జరిగేదే. లారీ వెనక కింది భాగంలో గట్టి అడ్డు కడ్డీ లేకపోతే కారు బానెట్ లారీ కిందికి దూరిపోతుంది. తాకిడిని మింగడానికి కారు ముందు భాగంలో అమర్చిన ఉక్కు దూలాలకు అక్కడ ఎదురు దొరకదు. వేగం మొదట్లో మెల్లగా తగ్గుతుంది, సెన్సార్‌కు అది మామూలు దెబ్బలా తోస్తుంది. లారీ అంచు అద్దం దాకా వచ్చేసరికి పది మిల్లీసెకన్ల గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. బ్యాగ్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, లేదా అసలు తెరుచుకోదు. కంపెనీ బిగించని ఇనుప బుల్ బార్ బంపర్ ముందు పెట్టించుకున్నా ఇలాంటి చిక్కే. దెబ్బ సెన్సార్‌ను చేరే తీరు మారిపోతుంది. ఈ బార్లపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్‌లో రాష్ట్రాలకు రాసింది. రోడ్డు మీద మాత్రం అవి ఇంకా దర్జాగా తిరుగుతున్నాయి.

నిర్ణయం జరిగాక మిగతాదంతా రసాయన చర్య. ఒక ఆంపియర్‌కు కాస్త మించిన కరెంటు రెండు మిల్లీసెకన్ల పాటు సన్నని తీగలో పారితే అది వేడెక్కి మందు అంటుకుంటుంది. ఆ మందు మండి వెలువడే వాయువు బ్యాగును నింపుతుంది. పాత కార్లలో ఆ మందు సోడియం అజైడ్, వచ్చేది నత్రజని. తాకిడికి బ్యాటరీ ఊడిపోయినా ఈ పని ఆగకుండా కంప్యూటర్ తన కెపాసిటర్లో కొంత కరెంటు దాచుకుంటుంది. బ్యాటరీ తీసిన వెంటనే మెకానిక్ స్టీరింగ్ విప్పకుండా కొన్ని నిమిషాలు ఆగేది అందుకే.

తెరుచుకునే బ్యాగ్ గంటకు 200 కిలోమీటర్లకు పైబడిన వేగంతో ముందుకొస్తుంది. దాన్ని మెత్తని దిండులా ఊహించుకుంటే పొరపాటు. నిండుతుండగా తగిలితే అది గుద్దుతుంది. నిండాక తగిలితేనే ఆదుకుంటుంది, అదీ కొద్దిసేపే. వెనక రంధ్రాల్లోంచి వాయువు బయటికి పోతూ బ్యాగ్ కుంగుతుంటుంది. అలా కుంగడంలోనే మనిషి వేగాన్ని మింగుతుంది. ముందూ కాకుండా వెనకా కాకుండా సరిగ్గా ఆ సమయానికి మనిషి అక్కడికి చేరాలి. చేరేలా చూసేది బెల్టు.

బెల్టు కూడా ఊరికే ఉండదు. అదే కంప్యూటర్ దానికీ కరెంటు పంపుతుంది. ప్రీటెన్షనర్ అనే చిన్న మందు గొట్టం పేలి, ఒంటికీ బెల్టుకూ మధ్య ఉన్న వదులును కొన్ని మిల్లీసెకన్లలో లాగేస్తుంది. దాంతో కారు నెమ్మదిస్తున్న మొదటి క్షణాల నుంచే మనిషీ నెమ్మదించడం మొదలవుతుంది. తర్వాతి పని దీనికి నేరుగా విరుద్ధం. బెల్టు లాగుడు ఛాతీ ఎముకలు విరిగేంత పెరగబోతే, చుట్టలోని లోహపు కడ్డీ మెలి తిరిగి బెల్టును కొంచెం కొంచెంగా వదులుతుంది. దీన్ని లోడ్ లిమిటర్ అంటారు. అలా వదిలితే మనిషి ముందుకొస్తాడు కదా? వస్తాడు. సరిగ్గా అక్కడ నిండిన బ్యాగ్ ఉంటుంది. బ్యాగ్ ఉంది కాబట్టే బెల్టు మెత్తగా పట్టుకోగలుగుతుంది. బెల్టు ఉంది కాబట్టే బ్యాగును మరీ మోటుగా పేల్చనక్కర్లేదు.

ఇది అమెరికా తప్పు చేసి నేర్చుకున్న పాఠం. అక్కడ బెల్టు పెట్టుకోనివాళ్లను కూడా కాపాడాలన్న లక్ష్యంతో బ్యాగులు వచ్చాయి. బెల్టు లేని సగటు మగవాడి కొలతల బొమ్మను గంటకు 48 కిలోమీటర్ల పరీక్షలో కాపాడాల్సి రావడంతో కంపెనీలు బ్యాగులను బలంగా, మహా వేగంగా పేలేలా చేశాయి. 1990 నుంచి 2008 దాకా, మామూలుగా బతికి బయటపడాల్సిన చిన్న ప్రమాదాల్లో బ్యాగు దెబ్బకే 290 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది బెల్టు లేనివారు, సరిగా పెట్టుకోనివారు. పసిపిల్లలూ ఉన్నారు. 1997లో నిబంధన సడలించి బ్యాగుల బలం తగ్గించాక ఈ చావులు బాగా తగ్గాయి. 1981లోనే మెర్సిడెస్ తన ఎస్-క్లాస్‌లో డ్రైవర్‌కు బ్యాగును, పక్క సీటుకు బెల్టు బిగించే యంత్రాన్ని ఒకే ఏర్పాటులో భాగంగా ఇచ్చింది. దారి మొదటి నుంచీ అదే అయి ఉండాల్సిందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు చాలా కార్లలో బెల్టు బకిల్‌లో ఒక స్విచ్ ఉంటుంది. బీప్ శబ్దం దానివల్లే అనుకుంటాం గానీ కొన్ని మోడళ్లలో బ్యాగ్ నిర్ణయం కూడా దాని మీద ఆధారపడుతుంది. అమెరికాలో సాధారణంగా బెల్టు లేనివారికి గోడను గంటకు 16–19 కిలోమీటర్లతో గుద్దినంత దెబ్బకే బ్యాగ్ తెరుస్తారు. బెల్టు ఉన్నవారికి 26 దాకా ఆగుతారు, ఆ వేగానికి బెల్టే చాలు కనుక. ఇక బీప్ రాకుండా బకిల్‌లో గుచ్చే ఇనుప బిళ్ల ఏం చేస్తుందో ఆలోచించండి. సీట్లో కూర్చున్నవాడు బెల్టు పెట్టుకున్నాడని కంప్యూటర్‌కు అబద్ధం చెబుతుంది. గంటకు 22 కిలోమీటర్ల దెబ్బకు అలాంటి కారు బ్యాగును ఆపేసి పనిని బెల్టుకు అప్పగిస్తుంది. బెల్టేమో వెనక వేలాడుతుంటుంది. ఈ బిళ్లలు అమ్ముతున్న ఐదు ఆన్‌లైన్ సంస్థలపై 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఉత్తర్వులిచ్చింది. అప్పుడు తొలగించిన ప్రకటనలే 13 వేలు దాటాయి.

బెల్టు పెట్టుకున్నా దూరం ముఖ్యం. స్టీరింగ్ మధ్య భాగానికీ ఛాతీకీ నడుమ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. ముందు సీట్లో ఒడిలో బిడ్డతో కూర్చుంటే, బ్యాగుకు దగ్గరగా ఉండేది తల్లి కాదు, బిడ్డ తల. వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటు కూడా, ఎదుట పనిచేసే బ్యాగ్ ఉన్నచోట పెట్టకూడదు. డ్యాష్‌బోర్డు మీద అతికించిన వినాయకుడి విగ్రహం బ్యాగ్ మూత మీదో దాని దారిలోనో ఉంటే, ఆ విగ్రహం బ్యాగ్ వేగంతోనే మన వైపు వస్తుంది. స్వామివారిని కాస్త పక్కకు జరిపి పూజించుకోవచ్చు.

ఇవన్నీ సరిగా ఉన్నాయో లేదో చెప్పేది మీటర్ల దగ్గరి ఎర్ర దీపం. తాళం తిప్పగానే వెలిగి, కొన్ని సెకన్లలో ఆరాలి. ఆరకపోతే ఎక్కడో లోపం ఉన్నట్టు, బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. దాంతోపాటు హారన్, స్టీరింగ్ మీది బటన్లు కూడా పనిచేయకపోతే, స్టీరింగ్ లోపల చుట్టలా ఉండే క్లాక్ స్ప్రింగ్ తెగిందని ముందు అనుమానించాలి. బ్యాగుకు కరెంటు వెళ్లేదీ దాని గుండానే. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా అనుమానించాలి. సెకండ్ హ్యాండ్ కార్లలో బల్బు తీసేసే మోసం ఉంది. అంతకన్నా తెలివైనది మరొకటి ఉంది. పేలిపోయిన బ్యాగ్ స్థానంలో రెండు ఓముల రెసిస్టర్ పెట్టి మూత అతికిస్తారు. కంప్యూటర్ ఆ తీగలో చూసేది రెసిస్టెన్స్ ఒక్కటే కనుక బ్యాగ్ ఉందనే నమ్ముతుంది, దీపం మర్యాదగా వెలిగి ఆరుతుంది. దాన్ని పట్టుకోవాలంటే కారు కొనేముందు ఇన్సూరెన్స్ క్లెయిముల చరిత్ర అడగాలి, స్టీరింగ్ మూత రంగు, అతుకు మిగతా ప్లాస్టిక్‌తో కలుస్తున్నాయో చూడాలి. అనుమానం తీరకపోతే సర్వీస్ సెంటర్లో మూత విప్పించి చూడాలి.