జలుబుకు వేసుకున్న మాత్ర ఎక్కడ పనిచేస్తుంది?

ముక్కు కారడం మొదలవగానే మందుల షాపుకెళ్లి ‘అజిత్రోమైసిన్ 500 మూడు ఇవ్వండి’ అని అడిగేవాళ్లకు మన దగ్గర కొదవ లేదు. ఆ మూడు మాత్రలూ జలుబును ముట్టుకోనైనా ముట్టుకోవు. బ్యాక్టీరియా సొంతంగా బతికే కణం. తనకు కావలసిన ప్రొటీన్లను తన రైబోజోముల్లో తనే తయారుచేసుకుంటుంది. కొత్త ప్రొటీను బయటికొచ్చే దారిలో అజిత్రోమైసిన్ అడ్డంగా కూర్చుంటుంది. దాంతో బ్యాక్టీరియా పెరుగుదల ఆగిపోతుంది. జలుబును ఎక్కువగా తెచ్చే రైనోవైరస్‌కు అసలు రైబోజోములే లేవు. అది మన ముక్కు కణాల్లోకి దూరి, మన రైబోజోములతోనే పని కానిచ్చుకుంటుంది. వాటి నిర్మాణం వేరు కాబట్టి ఈ మందు వాటిని పట్టుకోదు. పట్టుకునేదైతే మనం దాన్ని మింగగలిగేవాళ్లమే కాదు.

‘మరి నాకు తగ్గిందిగా?’ అంటారు. జలుబు బాగా ముదిరిన రెండో రోజో మూడో రోజో షాపుకు వెళతాం. అక్కణ్నుంచి అది ఎలాగూ దిగుముఖమే, పేరు మాత్రం మాత్రకు దక్కుతుంది. చీమిడి పచ్చబడింది కాబట్టి బ్యాక్టీరియా చేరిందన్న వాదనా నిలవదు. ఆ రంగు మన తెల్లరక్తకణాల్లోని ఒక ఎంజైముది. పది రోజులు దాటినా తగ్గకపోయినా, కాస్త తెరిపినిచ్చాక మళ్లీ జ్వరం తిరగబెట్టినా, ఆయాసం వచ్చినా మాత్రం డాక్టరు చూడాల్సిందే.

‘పనిచేయకపోతే పోయింది, నష్టమేముంది?’ అన్నదే అసలు ప్రశ్న. దీనికి బెల్జియంలో జరిగిన ఒక పరిశోధన జవాబిచ్చింది. 2007లో వెలువడిన ఆ అధ్యయనంలో ఏ జబ్బూ లేని 224 మందిలో కొందరికి అజిత్రోమైసిన్, కొందరికి దాని జాతిదే అయిన క్లారిత్రోమైసిన్, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. అసలు మందు వేసుకున్నవారి గొంతులో, దానికి లొంగని స్ట్రెప్టోకాకస్‌ల వాటా కోర్సు ముగిసేసరికే బాగా పెరిగింది. ఆర్నెల్ల తర్వాత కూడా ఆ తేడా పూర్తిగా పోలేదు. వైరస్ జలుబుతో ఈ మాత్ర మింగేవారి పరిస్థితీ ఇంతే. మందుకు గురి లేదు, కానీ గొంతులోనూ పేగుల్లోనూ హాని చేయని బ్యాక్టీరియా కోట్లలో ఉంటుంది. మొండితనం వచ్చేది మనకు కాదు, వాటికి. మందు ఆ మొండితనాన్ని పుట్టించదు. ముందే ఉన్న కొద్దిపాటి మొండివాటిని వదిలేసి, వాటికి పోటీగా ఉన్నవాటిని తుడిచేస్తుంది. ఆ కొద్దివాటిలో కొన్ని, మందు అతుక్కునే చోట రైబోజోముకు చిన్న రసాయన గుంపు తగిలిస్తాయి. ఇంకొన్ని మందును పంపులతో బయటికి తోసేస్తాయి. ఈ విద్య నేర్పే జన్యువులు ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి చేతులు మారతాయి కూడా. సాధు జాతిలో పెరిగింది న్యుమోనియా తెచ్చేదానికి చేరవచ్చు.

టైఫాయిడ్ సంగతి చూడండి. 2016లో పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్‌లో బయటపడిన రకానికి పాత మందులతో పాటు సెఫ్ట్రియాక్సోన్ కూడా పనిచేయలేదు. నోటితో వేసుకునే మందుల్లో దాదాపు అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. బంగ్లాదేశ్‌లోని కొన్ని టైఫాయిడ్ బ్యాక్టీరియాలు దానికీ లొంగలేదు. కారణం వెతికితే, మందును బయటికి తోసే పంపు ప్రొటీనులో మారింది ఒకే ఒక్క అమైనో ఆమ్లం.