ఢిల్లీలో కారు, ఖమ్మంలో బేరం

తెలుగు రాష్ట్రాల్లో పాత డీజిల్ కారు వెతికేవాళ్ల చూపు ఎప్పుడో ఒకప్పుడు ఢిల్లీ వైపు మళ్లుతుంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు అక్కడి రోడ్ల మీద తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది. సుప్రీంకోర్టు 2018లో దాన్ని సమర్థించింది. 2025లో ఈ వ్యవహారం మళ్లీ కోర్టు ముందుకు వెళ్లినా, అమ్మేవాళ్ల బెంగ మాత్రం పోలేదు. ఏడెనిమిదేళ్ల డీజిల్ కారు ఉన్నవాళ్లు గడువు ముంచుకు రాకముందే వదిలించుకోవాలని చూస్తారు కాబట్టి ధర దిగుతుంది. ఇబ్బందల్లా కారు అక్కడ, మనం ఇక్కడ ఉండటమే. అందుకే డబ్బు తీసుకుని మన తరఫున కారు చూసిపెట్టే తనిఖీ సేవలు పుట్టుకొచ్చాయి.

వీళ్లు ఏం చేస్తారు? ఓ మెకానిక్ అమ్మేవాళ్ల ఇంటికి వెళ్లి గంటా, గంటన్నర కారు చూసి, ఫొటోలతో రిపోర్టు పంపుతాడు. అందులో వంద, నూటయాభై అంశాల పక్కన టిక్కులు ఉంటాయి. హారన్ మోగుతోంది, వైపర్ తిరుగుతోంది, అద్దాలు దిగుతున్నాయి. వీటిలో చాలావాటికి మన డబ్బుతో పని లేదు. నా లెక్కన ఆ రిపోర్టులో రెండు చోట్ల ఉండే అంకెలే అసలైనవి. ఆ అంకెలు అడిగి తెప్పించుకోకపోతే చాలామంది పంపరు కూడా.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖమ్మంలో ఉన్న ఒకరు ఢిల్లీలోని 2018 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ మీద మనసు పడ్డారనుకుందాం. మీటర్ మీద 58 వేల కిలోమీటర్లు. అమ్మేవ్యక్తి వీడియో కాల్‌లో కారు చుట్టూ తిప్పి చూపించాడు. రంగు నిగనిగలాడుతోంది, ఇంజిన్ శబ్దం మెత్తగా ఉంది. ఈ రెండింటినీ నమ్మడానికి లేదు. ఫోన్ కాల్‌లో మాట స్పష్టంగా వినిపించడం కోసం ఫోనే మిగతా శబ్దాలను అణిచేస్తుంది. దాని దృష్టిలో ఇంజిన్ చప్పుడు కూడా ఒక గోలే. టకటకమనే ఇంజిన్ కూడా అందులో బుద్ధిమంతురాలైపోతుంది. అందుకే కాల్‌లో కాకుండా విడిగా రికార్డు చేసి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి. అదీ పొద్దున్నే, రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్‌ను మొదటిసారి స్టార్ట్ చేసేటప్పటిది. తనిఖీకి వెళ్లిన మెకానిక్‌ను ముందుగా బోనెట్ ఎత్తి ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడమనాలి. అప్పటికే వెచ్చగా ఉంటే, మనం చూడకూడనిదేదో చూడకుండా ఎవరో ముందే స్టార్ట్ చేసి ఉంచారన్న అనుమానం రావాలి.

ఇక మొదటి అంకెలు రంగు మందానివి. చేతిలో ఇమిడే చిన్న మీటర్‌ను రేకుకు ఆనిస్తే పైన రంగు ఎన్ని మైక్రాన్లు ఉందో చెబుతుంది. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 90 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. మన ఉదాహరణలోని కారుకు టాప్ మీద 112, బోనెట్ మీద 120, ఎడమవైపు ముందు డోర్ మీద 118 వచ్చాయి. ఎడమవైపు వెనక డోర్ మీద 290, దాని వెనక డిక్కీ వైపు ఉండే రేకు మీద 850 వచ్చాయి. డోర్‌కు 290 ఉందంటే మళ్లీ పెయింట్ వేశారన్నమాట. ఢిల్లీ ట్రాఫిక్‌లో గీతలు పడటం మామూలే కాబట్టి దానికి కంగారు పడక్కర్లేదు. 850 వేరు సంగతి. కేవలం రంగు వేస్తే అంత మందం రాదు, కింద లప్పం ఉంది. పైగా డోర్‌ను బోల్టులు విప్పి మార్చేయొచ్చు కానీ, వెనకవైపు రేకు బాడీతో కలిపి వెల్డింగ్ చేసినది. అక్కడ లప్పం ఉందంటే దెబ్బ ఎంత లోపలికి వెళ్లిందన్నది వెంటనే తేలాలి.

ఇక్కడే రిమోట్ కొనుగోలుదారు మెకానిక్‌కు మళ్లీ ఫోన్ చేయాలి. డిక్కీలో కార్పెట్ ఎత్తి, స్టెప్నీ తీసి, ఆ గుంతను వెలుతురులో ఫొటో తీయమనాలి. ఫ్యాక్టరీ వెల్డింగ్ చుక్కలు గుండ్రంగా, దాదాపు సమాన దూరంలో వరసగా ఉంటాయి. టింకరింగ్ షాపులో చేసిన వెల్డింగ్ ముద్దముద్దగా ఉంటుంది, దాన్ని దాచడానికి పూసిన సీలెంట్ మీద వేలి గుర్తులు కనిపిస్తాయి. గుంత నేల ముడతలు పడితే ఆ కారును వదిలేయడమే మేలు. ఈ కారులో నేల నునుపుగా ఉంది, చుక్కలు చెదరలేదు. అంటే దెబ్బ పైరేకు దగ్గరే ఆగింది. ధర తగ్గించమని అడగడానికి ఒక కారణం దొరికింది, కారును వదులుకోవడానికి కాదు.

రెండో అంకె స్కానర్‌లో ఉంటుంది. డ్యాష్‌బోర్డు కింద సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే కంప్యూటర్‌లో నమోదైన లోపాలు కనిపిస్తాయి. రిపోర్టులో "లోపాలు ఏవీ లేవు" అని రాస్తారు. చాలామంది అక్కడితో తృప్తిపడతారు. కానీ స్కానర్‌తోనే ఆ లోపాలను చెరిపేయొచ్చు కూడా. అందుకే Distance since codes cleared అనే గడిని స్క్రీన్‌షాట్ తీసి పంపమనాలి. చాలా కార్లు ఆ వివరం ఇస్తాయి. మన కారుకు అక్కడ 14 కిలోమీటర్లు అని వచ్చింది. 58 వేలు తిరిగిన బండిలో 14 కిలోమీటర్ల క్రితమే ఎవరో చెరిపేశారు. సర్వీసింగ్‌లో భాగంగా చెరిపి ఉండొచ్చు, కొన్ని కార్లలో బ్యాటరీ తీసినా అలా జరుగుతుంది. నేరం అని తేల్చేయలేం. వందా, నూటయాభై కిలోమీటర్లు నడిపి మళ్లీ స్కాన్ చేయిద్దాం, ఖర్చు నాది అని అడగాలి. నిజాయితీపరుడు విసుక్కున్నా ఒప్పుకుంటాడు. ఈ కారులో రెండోసారి P0401 బయటపడింది. పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ దారి మసితో మూసుకుపోతున్నప్పుడు తరచుగా వచ్చే కోడ్ ఇది. ప్రాణాంతకం కాదు, కానీ ఖర్చు ఉంది. ఆ ఖర్చు ఎంతో ఖమ్మంలోని మన మెకానిక్‌ను అడిగి, అంతమేర ధరలో తగ్గించమనాలి.

మీటర్ వెనక్కి తిప్పారా అన్నదానికి టైర్లు సాక్ష్యం చెబుతాయి. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారంలో తయారైందని. 2018 కారుకు నాలుగు టైర్లూ 2021 తేదీవైతే మొదటి జత మూడేళ్లకే అరిగిందన్నమాట. అప్పటికి మీటర్ మీద ఎంత ఉందో కంపెనీ సర్వీస్ రికార్డులో సరిచూసుకోవాలి.

ఇంత చేసినా తనిఖీకి హద్దులున్నాయి. మెకానిక్ ఇంజిన్ విప్పడు, కారును లిఫ్ట్ మీద ఎక్కించడు, హైవే మీద వంద వేగంతో నడపడు. తర్వాత ఏదైనా తేడా వస్తే చాలా సంస్థల ఒప్పందాల్లో బాధ్యత ఫీజు వరకే. అమ్మేవాళ్లే ఏర్పాటు చేసిన తనిఖీనైతే లెక్కలోకే తీసుకోకూడదు.

కాగితాల దగ్గర ఢిల్లీ బేరం చాలాసార్లు తలకిందులవుతుంది. ఎన్ఓసీ తీసుకున్నాక మన రాష్ట్రంలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి. పన్నెండు నెలలకు మించి ఇక్కడే ఉంటే కొత్త రిజిస్ట్రేషన్ తప్పదు. బయానా ఇచ్చే ముందే మోడల్, తయారీ నెల చెప్పి మన ఆర్టీఏ ఆఫీసులో ట్యాక్స్ లెక్క కట్టించుకోవాలి. ధరలో మిగిలిందనుకున్నది అందులోనే కరిగిపోయే కార్లు ఉంటాయి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు అప్పు తీరినట్టు ఇచ్చే పత్రం చేతికొచ్చేదాకా పూర్తి సొమ్ము పంపకూడదు. పంపేది కూడా ఆర్‌సీలో పేరున్న వ్యక్తి ఖాతాకే.

కారు ట్రక్కు ఎక్కే రోజు అదే మెకానిక్‌ను ఓ అరగంట మళ్లీ పంపడానికి కొంత అదనంగా అవుతుంది. ఛాసిస్ నంబర్, నాలుగు టైర్ల తేదీలు, బ్యాటరీ మీది నంబర్, స్టెప్నీ, మీటర్ రీడింగ్ మొదటి ఫొటోలతో సరిపోల్చాలి. తనిఖీ అయ్యాక కొత్త టైర్లు ఊడదీసి అరిగినవి బిగించి పంపడం ఈ వ్యాపారంలో కొత్తేమీ కాదు.