‘చూద్దాం’ అంటే నిర్ణయం కాదు

పటాన్‌చెరు నుంచి పాశమైలారం దాకా రసాయన, మందుల ఫ్యాక్టరీలు చాలానే ఉన్నాయి. ప్రమాదకరమైన ప్రక్రియలు నడిచే చోట యాజమాన్యం, కార్మికులు సమాన సంఖ్యలో ఉండే భద్రతా కమిటీ వేయాలని పాత ఫ్యాక్టరీల చట్టంలో 41-జి సెక్షన్ చెప్పేది. భోపాల్ దుర్ఘటన తర్వాత, 1987 సవరణలో వచ్చిన సెక్షన్ అది. కమిటీ కూర్చుంటుంది, ఎవరో ఒకరు గబగబా నోట్సు రాసుకుంటారు. అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది.

ఉదాహరణకు ఒక ఫ్యాక్టరీ కమిటీ జులై 8, బుధవారం కూర్చుందనుకుందాం. నోట్సు ఇలా ఉంది:

“డ్రయ్యర్ దగ్గర పొడి పేరుతోంది. ప్రొడక్షన్ వాళ్లు డిస్పాచ్ ఉంది ఆపలేం అన్నారు. క్యాంటీన్ గొడవ. సరే ఆదివారం ఆపుదాం అన్నారు మేనేజర్ గారు. ఎర్తింగ్ కూడా చూడాలి, పోయినసారీ అనుకున్నాం. కళ్లద్దాలు స్టోర్స్‌లో లేవు, చూద్దాం.”

ముందు హాజరు రాయాలి. జ్ఞాపకం మీద కాదు, సంతకాల కాగితం చూసి. రానివాళ్ల పేర్లు విడిగా. తర్వాత నోట్సులో ప్రతి వాక్యాన్నీ ఒక్కటే అడగాలి: ఇది మాటా, నిర్ణయమా, పనా? పొడి పేరుకోవడం, డిస్పాచ్ అభ్యంతరం మాటలే. కారణంగా ఒక్క వాక్యంలో ఇమిడిపోతాయి. ఆదివారం ఆపడం ఒక్కటే నిర్ణయం, ఎందుకంటే ఆపే అధికారం ఉన్నవారు ఒప్పుకున్నారు. ఎర్తింగ్ పనే గానీ దానికి మనిషి లేడు. అందుకే పోయినసారి నుంచి అలాగే పడి ఉంది.

ఇక్కడ రాసేవాళ్లకు ఒక ఆశ పుడుతుంది: ఎర్తింగ్ కదా, ఎలక్ట్రికల్ వాళ్ల పేరు వేసేద్దామని. వేయకూడదు. అదే రోజు ఫోన్ చేసి అడగాలి, ఒప్పుకుంటేనే రాయాలి. ‘మెయింటెనెన్స్, ప్రొడక్షన్’ అని రెండు విభాగాలు రాస్తే ఒకరి మీద ఒకరు వదిలేస్తారు. కాబట్టి ఒకే మనిషి. ‘ఆదివారం’ కూడా నెల తిరిగితే ఏ ఆదివారమో తెలియదు, తేదీ కావాలి. అడిగి తెలుసుకున్నాక తేలిన రూపం ఇది:

```
హాజరు: సంతకాల షీటు ప్రకారం 9 మంది; రానివారు: స్టోర్స్ ఇన్‌చార్జి
నిర్ణయం: డిస్పాచ్ వల్ల వెంటనే కుదరదు కాబట్టి, పేరుతున్న పొడి తీయడానికి జులై 12న డ్రయ్యర్ ఆపాలి
పని 1: పొడి తొలగింపు | ప్రొడక్షన్ షిఫ్ట్ ఇన్‌చార్జి | జులై 12
పని 2: డ్రయ్యర్ ఎర్తింగ్ కొలత (పాతది) | ఎలక్ట్రికల్ ఇంజినీర్ | జులై 12
తేలనిది: కళ్లద్దాల కొనుగోలు
```

క్యాంటీన్ గొడవ ఎటు పోయిందంటే, అది ఈ కమిటీ పని కాదు. కళ్లద్దాలకు స్టోర్స్ ఇన్‌చార్జి ఆ రోజు లేరు. ఆయన మాట తీసుకోకుండా పేరు రాయలేం. అందుకే ‘తేలనిది’ అన్న గడి. చాలామంది దాన్ని ఖాళీగా ఉంచడానికే తంటాలు పడతారు. నా దృష్టిలో మొత్తం కాగితంలో నిజాయితీ తెలిసేది ఆ గడిలోనే.

రెండో పని అయిందని ఎలా తెలుస్తుంది? ‘పూర్తయింది’ అన్న మాటతో కాదు, ఎన్ని ఓమ్‌లు వచ్చాయో రిజిస్టరులో ఎక్కితేనే. వచ్చే సమావేశం ఆ అంకెతోనే మొదలవ్వాలి.

ఇంకొక్క మాట. ఈ ప్రాంతంలో డ్రయ్యర్ల దగ్గర నిలబడేవాళ్లలో ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లూ ఎక్కువే. మినిట్స్ కాపీ ఇంగ్లిషులో ఫైలుకు ఒకటి పెట్టుకోండి. షాపు ఫ్లోర్ బోర్డు మీద మాత్రం తెలుగులో, హిందీలో అతికించండి.