ఏప్రిల్‌కు ఎన్ని కూలర్లు తెప్పించాలి?

ఫ్యాన్లు, కూలర్ల దుకాణంలో ఏడాది అమ్మకాల్లో సగానికి పైగా మూడు నెలల్లోనే జరిగిపోతాయి. మార్చిలో గిరాకీ మొదలై ఏప్రిల్, మే నెలల్లో పతాక స్థాయికి చేరుతుంది. తొలకరి పడగానే జారిపోతుంది. ఆ మూడు నెలల సరుకుకు ఆర్డరు మాత్రం జనవరిలోనే పెట్టాలి. తక్కువ తెప్పిస్తే ఎండ ముదిరిన రోజుల్లో వచ్చిన కొనుగోలుదారు పక్క షాపుకు పోతాడు. ఎక్కువ తెప్పిస్తే పెట్టుబడి మరుసటి వేసవి దాకా గోడౌన్‌లో ఇరుక్కుపోతుంది. ఈ అంచనాను పాత అమ్మకాల పుస్తకం నుంచే రాబట్టే పద్ధతి ఒకటి ఉంది. చలన సగటు, రుతు సూచిక అనే రెండు లెక్కలు దానికి ఆధారం.

కరీంనగర్‌లో నాలుగేళ్ల లెక్కలు భద్రంగా ఉన్న ఒక ఊహా దుకాణాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. మొదటి ఏడాది జనవరి నుంచి డిసెంబరు వరకు అక్కడ వరుసగా 42, 78, 176, 254, 246, 118, 60, 52, 46, 44, 34, 38 పీసులు అమ్ముడుపోయాయి. మొత్తం 1,188. లెక్క రూపాయల్లో కాకుండా పీసుల్లోనే ఉండాలి. ధర పెరిగినందువల్ల పెరిగిన రాబడి గిరాకీ పెరిగినట్టు భ్రమ కలిగిస్తుంది.

మూడు నెలల సగటు ఎందుకు పనికిరాదు

గడిచిన కొన్ని నెలల సగటు తీసి, కొత్త నెల రాగానే పాత నెలను వదిలేస్తూ ముందుకు జరిపేదే చలన సగటు. చాలామంది గత మూడు నెలల సగటునే వచ్చే నెల అంచనాగా తీసుకుంటారు. ఈ వ్యాపారంలో అది బోల్తా కొట్టిస్తుంది. జనవరి, ఫిబ్రవరి, మార్చి అమ్మకాల సగటు దాదాపు 99. ఏప్రిల్‌లో నిజంగా పోయినవి 254. మార్చి, ఏప్రిల్, మే సగటు 225. జూన్‌లో పోయినవి 118 మాత్రమే. గిరాకీ పెరిగేటప్పుడు ఈ అంచనా వెనకబడుతుంది, తగ్గేటప్పుడు పైనే నిలబడిపోతుంది.

పన్నెండు నెలల సగటు తీస్తే సంగతి మారుతుంది. అందులో ప్రతి నెలా ఒక్కసారే వస్తుంది కాబట్టి వేసవి, వాన, చలి కలగలిసిపోయి రుతువుల ప్రభావం చెరిగిపోతుంది. మిగిలేది దుకాణం అసలు స్థాయి. మొదటి ఏడాది సగటు 1,188ను 12తో భాగిస్తే 99. రెండో ఏడాది జనవరిలో 54 పీసులు పోయాయి. పాత జనవరి 42ను తీసేసి ఈ 54ను చేరిస్తే మొత్తం 1,200, సగటు 100.

ఇక్కడ ఒక చిన్న చిక్కు ఉంది. పన్నెండు సరి సంఖ్య కాబట్టి మొదటి సగటు జూన్, జులైల నడుమ, రెండోది జులై, ఆగస్టుల నడుమ పడుతుంది. రెండింటికీ మళ్లీ సగటు తీస్తే 99.5 వస్తుంది. అది సరిగ్గా జులైకి చెందుతుంది. దీన్ని కేంద్రీకృత చలన సగటు అంటారు. ఇలా ఒక్కో నెల జరుపుతూ పోతే నాలుగో ఏడాది జూన్ నాటికి అది 120.5కు చేరింది. 35 నెలల్లో పెరిగింది 21 పీసులు, అంటే నెలకు 0.6.

రుతు సూచిక

ఒక నెల అసలు అమ్మకాన్ని ఆ నెల చలన సగటుతో భాగించి నూరుతో హెచ్చిస్తే ఆ నెల శాతం వస్తుంది. మొదటి ఏడాది జులైకి 60 ÷ 99.5 × 100 = 60.3. అంటే మామూలు నెలలో నూరు పోయేచోట జులైలో 60 పోతాయని అర్థం.

ఏప్రిల్‌కు మూడేళ్ల శాతాలు దొరుకుతాయి. రెండో ఏడాది 268 ÷ 105, అంటే 255. మూడో ఏడాది 232 ÷ 112, అంటే 207. నాలుగో ఏడాది 310 ÷ 119, అంటే 260.5. మూడో ఏడాది ఏప్రిల్‌లో అకాల వర్షాలు పడ్డాయనుకుంటే ఆ 207కు కారణం తెలుస్తుంది. మూడింటి సగటు 241 తీసుకుంటే ఒక్క తడి ఏప్రిల్ సూచిక మొత్తాన్ని కిందికి లాగుతుంది. వరుసలో నడిమి విలువ అయిన 255ను తీసుకోవడమే మేలు.

పన్నెండు నెలల నడిమి విలువలు కలిపితే 1,200 రావాలి. ఈ దుకాణానికి 1,212 వచ్చాయనుకుంటే, ప్రతి విలువనూ 0.99తో హెచ్చించి సరిచేయాలి. అప్పుడు ఏప్రిల్ సూచిక 253, మార్చి సూచిక 178, జులై సూచిక 61 అని తేలుతాయి.

సూచికతో మరో ఉపయోగం ఉంది. నాలుగో ఏడాది ఏప్రిల్‌లో పోయిన 310ని 2.53తో భాగిస్తే దాదాపు 123. జులైలో పోయిన 75ను 0.61తో భాగించినా 123. చూపుకు ఒకటి జోరు నెల, మరొకటి మందం నెల. రుతువును పక్కన పెడితే రెండు నెలల్లోనూ వ్యాపారం ఒకే స్థాయిలో సాగింది.

అంచనా

అయిదో ఏడాది ఏప్రిల్, చివరి చలన సగటుకు పది నెలల తర్వాత వస్తుంది. నెలకు 0.6 చొప్పున ఆరు చేరిస్తే స్థాయి 126.5. దాన్ని 2.53తో హెచ్చిస్తే 320. ఏప్రిల్‌కు ఆర్డరు ఈ 320 చుట్టూ ఉండాలి. మార్చికి స్థాయి 125.9, సూచిక 1.78 కాబట్టి అంచనా 224.

మార్చిలో 224కు బదులు 250 పోతే వెంటనే ఏప్రిల్ ఆర్డరు పెంచకూడదు. ఎండలు ముందుగా వచ్చి, ఏప్రిల్‌లో కొనాల్సినవాళ్లు మార్చిలోనే కొని ఉండవచ్చు. జనవరి, ఫిబ్రవరి, మార్చి మూడూ అంచనా కంటే పది శాతం పైన ఉంటే అది స్థాయి పెరిగిన గుర్తు. అప్పుడు ఏప్రిల్ అంచనానూ పది శాతం పెంచి 352 చేయడం సబబు. తప్పులు ఒకసారి పైకి, ఒకసారి కిందికి పోతుంటే పద్ధతి సరిగానే ఉన్నట్టు. వరుసగా ఒకే వైపు పోతుంటే లెక్క మళ్లీ వేయాలి.

ఎక్కడ తప్పుతుంది

అన్నిటికంటే పెద్ద లోపం పుస్తకంలో కనబడనిది. ఏప్రిల్ 20కే కూలర్లు అయిపోతే ఆ నెల అమ్మకం తక్కువగా నమోదవుతుంది. గిరాకీ తగ్గలేదు, సరుకే లేదు. ఆ అంకెను అలాగే వాడితే సూచిక తగ్గి, మరుసటి ఏడాదీ తక్కువ సరుకే వస్తుంది. అందుకే సరుకు అయిపోయిన తేదీని, అడిగి వెనుదిరిగినవారి సంఖ్యను రాసిపెట్టుకోవాలి. 2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ నెలల అంకెలనైతే లెక్కలోంచి తీసేయాలి.

పండుగలు తేదీలు మారతాయి. దీపావళి 2023లో నవంబరు 12న వస్తే 2022లో అక్టోబరు 24న వచ్చింది. పండుగ ఆఫర్ల అమ్మకాలు ఒక నెల నుంచి మరో నెలకు దూకుతాయి కాబట్టి ఆ రెండు నెలలను కలిపి చూడటం మంచిది. ఫ్యాన్లకు, కూలర్లకు ఒకే సూచిక కూడా సరిపోదు. ఫ్యాన్లు గృహప్రవేశాలకు, అద్దె ఇళ్లకు ఏడాది పొడుగునా పోతాయి. కూలరు నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది కాబట్టి పొడి ఎండల్లోనే బాగా పనిచేస్తుంది. ఉక్కపోత ఎక్కువగా ఉండే విశాఖపట్నం దుకాణానికి కరీంనగర్ సూచిక వర్తించదు.

ఎండ ఎంత ముదురుతుందో, వాన ఎప్పుడు పడుతుందో ఈ లెక్క చెప్పలేదు. మామూలు ఏడాదిలో ఏ నెలకు ఎంత సరుకు కావాలో మాత్రం చెబుతుంది. అందుకు కనీసం మూడేళ్ల నెలవారీ అంకెలు కావాలి, నాలుగైదేళ్లవి ఉంటే మరీ మంచిది. ఆ పుస్తకం ఇంకా మొదలుపెట్టని దుకాణదారు ఫ్యాన్లకు ఒకటి, కూలర్లకు ఒకటి చొప్పున రెండు పేజీలు ఈ నెల నుంచే తెరవాలి.